ప్యాకెట్ మీది సోడియం చెంచాలో ఎంత ఉప్పు?

మాదాపూర్‌లో ఓ ఆఫీసు ప్యాంట్రీ. సాయంత్రం నాలుగున్నరకు ఒకరు మిక్స్చర్ ప్యాకెట్ విప్పారనుకోండి. వెనక అట్ట మీద ‘సోడియం 800 మి.గ్రా.’ అని ఉంది. ఇది ఎక్కువా, తక్కువా?

ముందు ఒక సంగతి. సోడియం అంటే ఉప్పు కాదు, ఉప్పులో ఒక భాగం. మనం తినే ఉప్పు సోడియం, క్లోరిన్ కలిసిన పదార్థం. తూకంలో సోడియం వాటా సుమారు 40 శాతం. అందుకే 400 మి.గ్రా. సోడియం ఒక గ్రాము ఉప్పుతో సమానం. అట్ట మీది అంకెను 400తో భాగిస్తే గ్రాముల్లో ఉప్పు వచ్చేస్తుంది. 800 అంటే 2 గ్రాములు.

అయితే ఆ 800 దేనికి? చాలామంది చూడనిది ఇదే. ఆ అంకె 100 గ్రాముల మిక్స్చర్‌కు. మన ప్యాకెట్ 150 గ్రాములు, అంటే మొత్తం సోడియం 1,200 మి.గ్రా., ఉప్పు 3 గ్రాములు. పక్క గడిలో ‘ఒక సర్వింగ్‌కు 12 శాతం’ అని కనబడి మనసు కుదుటపడుతుంది గానీ, ఆ సర్వింగ్ 30 గ్రాములే. రెండు గుప్పెళ్లకు అయిపోతుంది. ఒక్కరే ప్యాకెట్ ఖాళీ చేస్తే 12 కాస్తా 60 అవుతుంది.

ఆ శాతం దేనిలో అంటారా? రోజుకు 2,000 మి.గ్రా. సోడియంలో, అంటే 5 గ్రాముల ఉప్పులో. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లేబుళ్లకు పెట్టిన లెక్క ఇదే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ ఉప్పు హద్దు 5 గ్రాములే. ఇంట్లో కూరల్లో, పచ్చళ్లలో పడేది కూడా అందులోదే.

ఇక చెంచా. అంచుకు సమంగా గీసిన టీస్పూను సన్న ఉప్పు దాదాపు 6 గ్రాములు తూగుతుంది. మన మిక్స్చర్‌లోని 3 గ్రాములంటే అర చెంచా. రోజు మొత్తం హద్దు చెంచాకు కొంచెం తక్కువ. దొడ్డుప్పుకు ఈ కొలత పనికిరాదు. పలుకుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి చెంచాడు తక్కువ తూగుతుంది. దాన్ని వంటింటి త్రాసు మీద తూచాల్సిందే.

రుచికి ఉప్పగా లేకపోతే సోడియం లేనట్టేనా? కాదు. బిస్కెట్లలో వేసే వంట సోడాలోనూ, నూడుల్స్‌లో పడే అజినోమోటోలోనూ సోడియం ఉంటుంది. అట్ట మీది అంకెలో అదీ కలిసే ఉంటుంది. కనుక 400తో భాగించి తెచ్చిన గ్రాములన్నీ అచ్చంగా ఉప్పే కాకపోవచ్చు. బీపీ ఉన్నవాళ్లు మాత్రం మొత్తం సోడియాన్నే లెక్కపెట్టుకోవాలి.

లండన్ నుంచి బంధువులు తెచ్చిన బిస్కెట్ల అట్ట మీద నేరుగా ‘సాల్ట్’ అని గ్రాముల్లోనే ఉంటుంది. అక్కడ సోడియాన్ని ముందే 2.5తో గుణించి అచ్చు వేస్తారు. దాన్ని మళ్లీ గుణించొద్దు.