రెండు అరటిపళ్లంత పొటాషియం

ఆస్పత్రుల్లో వాడే పొటాషియం క్లోరైడ్ ఆంపూల్ చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. పది మిల్లీలీటర్ల ద్రవం, నీళ్లలా తేటగా ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే 15 శాతం ద్రావణంలో 20 మిల్లీఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. ఒక మాదిరి సైజు అరటిపళ్లు రెండింటిలో కూడా దాదాపు అంతే ఉంటుంది. కిడ్నీలు బాగున్నవాళ్లు రెండు అరటిపళ్లు తింటే ఏమీ కాదు. అదే ఆంపూల్‌ని సిరంజిలోకి తీసి నేరుగా రక్తనాళంలోకి తోసేస్తే మాత్రం మనిషి ప్రాణం నిమిషాల్లో పోవచ్చు. పొటాషియం మోతాదు రెండు చోట్లా ఒకటే. తేడా అంతా అది గుండెను చేరే వేగంలో ఉంది.

మన ఒంట్లోని పొటాషియంలో సుమారు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలో తిరిగేది చాలా కొద్ది. లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉంటే మామూలు స్థాయి అంటారు. పెద్దవాళ్ల రక్తంలోని ప్లాస్మా, అంటే కణాలు తీసేస్తే మిగిలే ద్రవం, సుమారు మూడు లీటర్లు. ఆ లెక్కన ప్లాస్మా మొత్తంలో ఉండే పొటాషియం 12 దగ్గర తేలుతుంది. ఒక్క ఆంపూల్‌లో ఉన్నది దానికంటే ఎక్కువ.

కణం లోపల ఎక్కువ, బయట తక్కువ అనే ఈ తేడా వల్లే గుండె కండరంలో విద్యుత్తు నిలబడుతుంది. ప్రతి స్పందనకూ సోడియం ద్వారాలు తెరుచుకుని సంకేతం ముందుకు పోతుంది. తర్వాత కణం మళ్లీ విశ్రాంతి స్థితికి వస్తేనే ఆ ద్వారాలు వచ్చే స్పందనకు సిద్ధమవుతాయి. బయట పొటాషియం ఒక్కసారిగా పెరిగితే కణం పూర్తి విశ్రాంతికి రాలేదు, ద్వారాలు మూసుకుపోయి అలాగే ఉండిపోతాయి. సంకేతం నెమ్మదించి, దారి తప్పి, చివరికి ఆగిపోతుంది. గుండె ఆపరేషన్లలో సర్జన్లు గుండెను కావాలని ఆపడానికి వాడేదీ పొటాషియం ద్రావణాన్నే. వాటిలో బాగా పేరున్న ఒక రకంలో లీటరుకు 16 ఉంటుంది. అక్కడ మెషీన్ ఒంటికి రక్తం అందిస్తుంటుంది కాబట్టి గుండె ఆగినా రోగికి ప్రమాదం లేదు.

ఒక ఉదాహరణతో లెక్క చూద్దాం. మూడు రోజులు వాంతులు, విరేచనాలతో నీరసపడి అరవై కిలోల బరువున్న ఒకాయన ఆస్పత్రికి వచ్చాడనుకుందాం. కాళ్లలో బలం లేదు, పరీక్షలో పొటాషియం 2.6 అని తేలింది. ఆయనకు ఒక ఆంపూల్‌ని పది సెకన్లలో నేరుగా ఎక్కించారనుకోండి. గుండె నిమిషానికి పంపేది ఐదు లీటర్ల రక్తం. పది సెకన్లలో అటుగా పోయే రక్తంలో ప్లాస్మా అర లీటరు. ఇరవై మిల్లీఈక్వివలెంట్లూ ఆ అర లీటరులోనే పడితే లీటరుకు 40 దాకా పెరుగుతుంది. పోనీ ఒక నిమిషం తీసుకున్నారనుకుందాం. అప్పుడు మూడు లీటర్ల ప్లాస్మాలో కలిసి ఆరేడు పెరుగుతుంది, 2.6 కాస్తా తొమ్మిది దాటుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, దారిలో కొంత పలచబడుతుంది. అయినా చేతి సిరలో ఎక్కించినది ముందు గుండె కుడివైపుకు, ఊపిరితిత్తులకు పోయి, అక్కణ్ణుంచి ఎడమవైపుకు వస్తుంది. గుండె దాన్ని బయటికి పంపగానే మహాధమని నుంచి మొదట చీలేవి గుండె కండరానికే రక్తమిచ్చే నాళాలు. మిగతా ఒంటికి పంచుకునే వ్యవధి దొరక్కముందే దెబ్బ గుండెకు తగులుతుంది.

అదే ఆంపూల్‌ని అర లీటరు సెలైన్‌లో కలిపి రెండు గంటల పాటు ఎక్కిస్తే గంటకు పది చొప్పున పోతుంది. నిమిషానికి మూడు లీటర్ల ప్లాస్మాలో కలిసేది 0.17 మాత్రమే. గుండెను దాటే రక్తంలో పెరుగుదల లీటరుకు 0.06 కూడా ఉండదు. ఈ లోపు కణాలు తమకు కావలసింది లోపలికి లాక్కుంటాయి, మిగులును కిడ్నీలు మూత్రంలో పంపేస్తాయి. అరటిపళ్లు తిన్నప్పుడు పేగులు చేసే పని ఇదే: సరుకును గంటల తరబడి కొద్దికొద్దిగా వదలడం.

ఇక్కడొక సందేహం వస్తుంది. ఆ రోగికి అసలు లోటు ఎంత? రక్తంలో పొటాషియం ఒకటి తగ్గిందంటే ఒంట్లో రెండు వందలు పైగానే కరువైందని ఒక మోటు అంచనా. అంటే ఒక ఆంపూల్ ఏ మూలకూ చాలదు. మరి తొందరగా ఎందుకు ఎక్కించకూడదు? ఎందుకంటే ఆ లోటు ఉన్నది కణాల్లో, మనం పోసేది రక్తంలో. రక్తంలోంచి కణంలోకి వెళ్లడానికి దానికి వ్యవధి కావాలి. అందుకే సాధారణ వార్డులో గంటకు పది మించనివ్వరు. పరిస్థితి మరీ విషమంగా ఉంటే ఐసీయూలో, ఈసీజీ మానిటర్ చూస్తూ, మెడ దగ్గరి పెద్ద సిరలోకి వేసిన గొట్టం ద్వారా గంటకు ఇరవై దాకా వెళ్తారు. పొటాషియం స్థాయిని మధ్యమధ్యలో మళ్లీ పరీక్షిస్తారు, మూత్రం సరిగా వస్తోందో గమనిస్తారు. మొదట్లో గ్లూకోజ్ బాటిల్‌లో కాకుండా సెలైన్‌లో కలపడానికీ కారణముంది. గ్లూకోజ్ పడితే ఇన్సులిన్ ఊరి, ఉన్న కాస్త పొటాషియాన్నీ కణాల్లోకి నెట్టి రక్తంలో స్థాయిని ఇంకా తగ్గించగలదు.

పలచన చేయడంలో రెండో లాభం చేతికి. గాఢమైన పొటాషియం సిరను మండించి వాపు తెస్తుంది, బయటికి కారితే చుట్టూ కండ చెడగొడుతుంది. అందుకే చేతి సిరకైతే లీటరుకు నలభై మించకుండా కలపడం వాడుక. కలిపిన తర్వాత బాటిల్‌ని బాగా తిరగేసి కలియబెట్టాలి. స్టాండుకు వేలాడుతున్న బాటిల్‌లోకి సూదితో వేసి వదిలేస్తే బరువైన పొటాషియం ద్రావణం కిందికి దిగి, గొట్టం మొదట్లోనే చేరుతుంది. అప్పుడు బాటిల్ మీద 'పలచన చేసినది' అని రాసి ఉన్నా, రోగికి ముందుగా పోయేది గాఢమైనదే.

ప్రమాదాలు చాలా వరకు తెలియక కాదు, ఆంపూల్ మారి జరుగుతాయి. అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 1998లో పొటాషియం క్లోరైడ్ వల్ల జరిగిన పది మరణాలను పరిశీలించింది. ఎనిమిదింటిలో గాఢ ద్రావణమే నేరుగా ఎక్కించారు. ఆ ఎనిమిదింటిలో ఆరుసార్లు దాన్ని వేరే మందు అనుకుని వాడారు. ఆ తర్వాత గాఢ పొటాషియాన్ని వార్డు అలమరాల నుంచి తీసేయడం, విడిగా తాళం వేసి ఉంచడం, ముందే కలిపిన బ్యాగులు వాడటం, ఇద్దరు చూశాకే ఎక్కించడం పద్ధతులయ్యాయి.

పొటాషియం వేగంగా పెరిగితే ఈసీజీలో టీ తరంగం గూడారంలా మొనదేలుతుంది, తర్వాత గీతలు వెడల్పవుతాయి. అప్పుడు డ్రిప్ వెంటనే ఆపి, గుండెకు కవచంగా కాల్షియం గ్లూకోనేట్, పొటాషియాన్ని కణాల్లోకి పంపడానికి గ్లూకోజ్‌తో ఇన్సులిన్ ఇస్తారు. అయితే ఆంపూల్ నేరుగా తోసినప్పుడు ఈ మెట్లేవీ కనిపించకుండానే గుండె ఆగిపోవచ్చు.

కాబట్టి రోగి పక్కనున్నవాళ్లు బాటిల్ త్వరగా అయిపోవాలని డ్రిప్ గొట్టం మీది చక్రాన్ని తామే తిప్పకూడదు. చెయ్యి మండుతోందని, గుండె దడగా ఉందని రోగి అంటే సిస్టర్‌ను పిలవాలి. లోటు ఓ మోస్తరుగా ఉండి, నోటితో తీసుకోగలిగినవాళ్లకు డాక్టర్లు చాలాసార్లు సిరప్ రాసి ఇంటికి పంపేది కూడా ఇందుకే. పేగు ద్వారా వెళ్లినది ఎప్పుడూ నెమ్మదిగానే రక్తంలో కలుస్తుంది.