ఏ రోజు నుంచి లెక్క?

సూపర్‌మార్కెట్లో గుడ్ల అర ముందు నిలబడితే తేడా తెలిసిపోతుంది. ట్రేలో విడిగా పెట్టిన తెల్లగుడ్డుది ఒక ధర. పక్కనే అట్టపెట్టెలో ఆరు గోధుమరంగు గుడ్లు, పైన ఆకుపచ్చ అక్షరాలు. దాని ధర రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రంగు సంగతి ముందే తేల్చేసుకుందాం. గోధుమరంగు పెంకు కోడి జాతిని బట్టి వస్తుంది, పెంపకాన్ని బట్టి కాదు. సొన ముదురు పసుపు రంగు తేలడానికి మేతలో బంతిపూల సారం కలిపినా చాలు. కాబట్టి మనం డబ్బు పెడుతున్నది ఆ అక్షరాలకే. యాంటీబయాటిక్ ఫ్రీ అనో, ఆర్గానిక్ అనో ఉంటుంది. మాంసం పొట్లమైతే గ్రాస్ ఫెడ్ అని కూడా ఉండొచ్చు.

ఇవి అబద్ధాలని నేను అనను. చాలాసార్లు నిజమే చెబుతాయి. కాకపోతే ఆ నిజం జంతువు బతుకులో ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందన్నది పెట్టె మీద ఉండదు. అసలు కథంతా అక్కడే ఉంది.

పెంకు లోపలి మందు

అమెరికాలో కోడిమాంసం వ్యాపారంలో టైసన్ ఫుడ్స్‌ది పెద్ద పేరు. 2007లో ఆ కంపెనీ తన చికెన్ మీద ‘యాంటీబయాటిక్స్ లేకుండా పెంచినది’ అని వేసుకోవడానికి అక్కడి వ్యవసాయ శాఖ నుంచి అనుమతి తెచ్చుకుంది. ప్రకటనలు హోరెత్తాయి. కొన్ని నెలలకే మొదటి చిక్కు వచ్చింది. ఆ కోళ్ల మేతలో అయనోఫోర్లు అనే మందులు ఉన్నాయి. కోళ్లకు రక్తవిరేచనాలు తెచ్చే కాక్సిడియోసిస్ రాకుండా వాటిని వాడతారు. మనుషుల వైద్యంలో వాటికి చోటు లేదు. యూరప్‌లో వాటిని మేతలో కలిపే వేరే తరగతి పదార్థాలుగా చూస్తారు, అమెరికాలో మాత్రం యాంటీబయాటిక్స్ కిందే లెక్క. ఆ తేడా వల్ల, లేబుల్‌లో ‘మనుషుల్లో మందుల నిరోధకతకు దారితీసే’ యాంటీబయాటిక్స్ లేవు అని సవరణ చేరింది. పోటీ కంపెనీలు కోర్టుకెక్కాయి.

రెండో చిక్కు ఇంకా లోతైనది. కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. పెద్ద హేచరీల్లో పద్దెనిమిదో రోజు ప్రాంతంలో గుడ్లను ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మారుస్తారు. అప్పుడే గుడ్డు మొద్దు కొసన సన్నటి రంధ్రం పెట్టి, లోపలి పిల్లకు టీకా ఎక్కిస్తారు. పెంకుకు చిల్లు పడితే సూక్ష్మక్రిములు లోపలికి దూరే దారి కూడా పడినట్టే. అందుకని టీకాతో పాటు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కాస్త కలపడం అక్కడ పరిశ్రమలో అలవాటు. జెంటామైసిన్ అంటే ఆసుపత్రిలో మనకిచ్చే మందే. టైసన్ గుడ్లలోనూ అదే జరుగుతోందని 2008లో బయటపడింది. పెంపకం అంటే పిల్ల గుడ్డులోంచి బయటికొచ్చాక మొదలయ్యేదని కంపెనీ వాదించింది. వ్యవసాయ శాఖ ఒప్పుకోలేదు. ఆ ఏడాది జూన్‌లో లేబుల్ తీసేయమంది.

నన్నడిగితే ఆ వాదనను మోసమని కొట్టిపారేయలేం. ‘పెంచినది’ అనే మాటకు ఆరంభం ఎక్కడో ఎవరూ రాయనప్పుడు, ఎవరికి అనువైన చోట వాళ్లు గీత గీసుకుంటారు. అమెరికా ఆర్గానిక్ నిబంధన అయితే ఆ గీతను చట్టంలోనే గీసింది. కోడి విషయంలో ఆర్గానిక్ పెంపకం బతుకులోని రెండో రోజు నుంచి మొదలవ్వాలి. అంటే గుడ్డులో ఉన్నప్పుడూ, హేచరీలో తొలిరోజూ జరిగినవి లెక్కలోకి రావు. ఆర్గానిక్ ముద్ర ఉన్న కోడికి పెంకులో ఉండగా జెంటామైసిన్ అంది ఉండొచ్చు. అక్కడ అది నిబంధన ఉల్లంఘన కాదు.

మన షెడ్డులో లెక్క

ఇప్పుడు ఇటు వద్దాం. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఫారం కోడి ఎక్కువగా కాంట్రాక్టు మీద పెరుగుతుంది. కంపెనీ ఒక్కరోజు పిల్లల్ని, మేత బస్తాల్ని, మందుల్ని పంపుతుంది. రైతు షెడ్డు, నీళ్లు, కరెంటు, ఊక, చాకిరీ పెడతాడు. బ్యాచ్ అయ్యాక కిలోకి ఇంత అని పెంపకం చార్జీ తీసుకుంటాడు. మేతలో ఏం కలిసిందో చెప్పమంటే చాలామంది రైతులు బస్తాకేసి చూపిస్తారు. వాళ్లకు తెలిసింది అంతే.

మందు వాడిన తర్వాత కోడినో, గుడ్డునో ఎన్నాళ్లు అమ్మకూడదో చెప్పే గడువు ఒకటుంది. మన దేశంలో 2012 నుంచి పశువుల మందు సీసా మీద ఆ గడువు రాయాలి. ఆ మందుకు ప్రత్యేకంగా గడువు తేల్చి ఉండకపోతే మాంసానికి కనీసం 28 రోజులు, గుడ్లకూ పాలకూ 7 రోజులు పాటించాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఫారం కోడి ఆయుష్షే దాదాపు ఆరు వారాలు. రెండు వారాలు దాటాక అలాంటి మందు పడితే, లెక్క ప్రకారం ఆ కోడి అమ్మకపు రోజుకు గడువు తీరదు. నిజాయతీగా ఉండాలంటే తొలి పక్షంలోనే జబ్బులన్నీ వచ్చిపోవాలి. జబ్బులు అలా చెప్పినట్టు వినవు.

గుడ్ల కోళ్ల దగ్గర బరువు ఇంకో రకం. పదివేల కోళ్ల ఫారం ఒకటి అనుకుందాం. నూటికి తొంభై కోళ్లు గుడ్డు పెడితే రోజుకు 9,000 గుడ్లు. కోళ్లకు గురక, దగ్గు మొదలై నీళ్లలో మందు కలిపారు. చివరి మోతాదు తర్వాత ఏడు రోజులు ఆగాలి. అంటే 63,000 గుడ్లు, ముప్ఫై గుడ్ల ట్రేలు 2,100. గుడ్డు ఐదు రూపాయలనుకున్నా మూడు లక్షల పదిహేను వేలు. మందు వేసిన రోజుల గుడ్లు ఇందులో చేరలేదు. మేత ఖర్చు ఆ వారం కూడా ఆగదు. గుడ్డు ధర ఏ రోజుకారోజు మారే మార్కెట్‌లో ఈ నష్టాన్ని ఒక రైతు నోరు మూసుకుని భరిస్తాడని నమ్మడం కష్టం. లేబుల్ ఉన్న గుడ్డుకు ఎక్కువ ధర పెట్టడంలో న్యాయం ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది: ఆ నష్టాన్ని ఎవరో ఒకరు మోయాలి.

లేకపోవడం, వాడకపోవడం

యాంటీబయాటిక్ ఫ్రీ అన్న మాట కింద రెండు వేర్వేరు హామీలు దూరి ఉంటాయి. ఒకటి, ఈ గుడ్డులో మందు అవశేషం లేదని. రెండు, ఈ కోడికి మందే వాడలేదని. మొదటిది ప్రయోగశాలలో తేలుతుంది. గడువు పాటించిన మామూలు గుడ్డు కూడా ఆ పరీక్ష నెగ్గుతుంది. రెండోది షెడ్డులో మందుల రిజిస్టరు, మేత మిల్లు రికార్డు చూస్తే తప్ప తేలదు. పెట్టె మీద ల్యాబ్ రిపోర్టు ఊసు మాత్రమే ఉంటే అది మొదటి హామీ అనే అర్థం చేసుకోవాలి.

పరీక్ష అనవసరమని కాదు. 2014లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఢిల్లీ ప్రాంతంలో 70 చికెన్ నమూనాలు పరీక్షిస్తే నూటికి నలభైలో అవశేషాలు దొరికాయి. కాగితాల మీద నడిచే రెండో హామీకి కూడా పరీక్ష అక్కరకొస్తుంది. అమెరికాలో యాంటీబయాటిక్స్ లేకుండా పెంచినవంటూ మార్కెట్‌కు వెళ్తున్న పశువుల నమూనాలను అక్కడి వ్యవసాయ శాఖే పరీక్షించి, దాదాపు 20 శాతంలో అవశేషాలున్నాయని 2024లో ప్రకటించింది. అయినా ఆ పరీక్షల్ని తప్పనిసరి చేయలేదు, చేయించుకోమని గట్టిగా సలహా ఇచ్చి ఊరుకుంది.

అవశేషం కన్నా పెద్ద సంగతి మరొకటుంది. మందు తరచూ వాడే షెడ్డులో దానికి లొంగని బ్యాక్టీరియా మిగిలి పెరుగుతుంది. ఎరువులో, నీళ్లలో, పనివాళ్ల చేతుల మీద అది బయటికొస్తుంది. కోడి ఒంట్లోంచి మందు వెళ్లిపోయినా అది పోదు. కొలిస్టిన్ అనే మందును 2019లో మన కేంద్ర ప్రభుత్వం ఆహార జంతువులకు నిషేధించింది అందుకే. వేరే ఏ మందూ పనిచేయని రోగికి ఐసీయూలో ఇచ్చే ఆఖరి అస్త్రాల్లో అదొకటి, దాన్ని కోళ్లు బరువు పెరగడానికి మేతలో కలిపేవారు. ఏ లేబులూ బ్యాక్టీరియా గురించి మాట్లాడదు. యాంటీబయాటిక్ ఫ్రీ చికెన్ మీద కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు. కోసిన కత్తితోనే కొత్తిమీర తరగకూడదన్న జాగ్రత్త రెండు రకాల కోడికీ ఒకటే.

ఒక మాట, రెండు చట్టాలు

ఆర్గానిక్‌కు మాత్రం గట్టి పునాది ఉంది. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం ఆ మాట వేసుకోవాలంటే ధ్రువీకరణ ఉండాలి, జైవిక్ భారత్ గుర్తు ఉండాలి. యాంటీబయాటిక్ ఫ్రీ అన్నదానికి అలాంటి ప్రభుత్వ గుర్తు లేదు. ఆర్గానిక్ హామీలో సింహభాగం మేత గురించి. మొక్కజొన్న, సోయా రసాయనాలు లేకుండా పండాలి. మందుల దగ్గరికొచ్చేసరికి దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. అమెరికాలో లెక్క మొదలయ్యాక ఒక్క మోతాదు యాంటీబయాటిక్ పడినా ఆ జంతువు ఆర్గానిక్ కాదు. అలాగని ముద్ర పోతుందని వైద్యం ఆపడమూ నిబంధనకు విరుద్ధమే. యూరప్‌లో జబ్బు చేస్తే పరిమితంగా మందు వాడొచ్చు, గడువు రెట్టింపు పాటించాలి. డాలస్‌లో ఉన్న చెల్లెలూ, మ్యూనిక్‌లో ఉన్న అన్నయ్యా ఒకే మాట చదివి కొంటున్నది రెండు వేర్వేరు హామీలు.

గ్రాస్ ఫెడ్ సంగతి త్వరగా అయిపోతుంది. పాలు మానిన దూడ తర్వాత బతుకంతా గడ్డీ గాదమూ తప్ప గింజ తినకూడదని అమెరికా వ్యవసాయ శాఖ 2007లో ఒక ప్రమాణం పెట్టి, 2016లో దాన్ని ఉపసంహరించుకుంది. ఇప్పుడు కంపెనీ తన పద్ధతేమిటో రాసిచ్చిన కాగితాల మీద ఆమోదం వస్తుంది. పశువులన్నీ చిన్నప్పుడు గడ్డే తింటాయి. చివరి నెలల్లో గింజలు పెట్టి బరువు పెంచారా లేదా అన్నదే ప్రశ్న. పోనీ గడ్డే తిన్నా, యాంటీబయాటిక్స్ గురించిగానీ హార్మోన్ల గురించిగానీ ఆ మాట ఏమీ చెప్పదు. కోడిగుడ్ల మీద ఆ మాట కనబడితే నవ్వుకోవచ్చు, కోడికి గడ్డి ఒక్కటే కడుపు నింపదు. మన ఊళ్లలో పొలాల వెంట, తుమ్మల కింద మేసి వచ్చే పొట్టేలుకు మాత్రం ఏ లేబులూ ఉండదు.

జబ్బు చేసిన బ్యాచ్

2023లో టైసన్ తన సొంత బ్రాండు చికెన్ మీద తర్వాతి కాలంలో వేసుకున్న ‘యాంటీబయాటిక్స్ ఎన్నడూ వాడలేదు’ అన్న మాట వదిలేసి, మనుషుల వైద్యానికి ముఖ్యమైనవి వాడలేదన్న మాటకు మారింది. అంటే అయనోఫోర్లు తిరిగొచ్చాయి. అవి వాడకపోతే పిల్లలు పేగు జబ్బుతో చస్తాయని పెంపకందారులు చెబుతూనే వచ్చారు. నా మట్టుకు ఈ రెండో మాటే నిజానికి దగ్గర. అయితే రెండు వాక్యాలూ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే ఆకుపచ్చలో ఉంటే బండి తోసుకుంటూ వెళ్లే మనిషికి తేడా అందదు.

మన దగ్గర ఆ పెట్టెల మీద వినియోగదారుల ఫోన్ నంబరు ఉంటుంది. చేసి, ఒక్క మాట అడగండి: జబ్బు చేసిన బ్యాచ్‌ను ఏం చేస్తారు? వైద్యం చేసి, ఆ బ్యాచ్‌ను ఈ బ్రాండులోంచి తీసేసి, గడువయ్యాక లేబుల్ లేకుండా మామూలు మార్కెట్‌కు పంపుతాం అంటే సరైన సమాధానం. మందు ఏ రోజు నుంచి లెక్కపెడతారు, రిజిస్టరు ఎవరు తనిఖీ చేస్తారు అని ఆపైన అడగొచ్చు. అలా కాక, ‘మా కోళ్లకు జబ్బులే రావండీ’ అన్నారనుకోండి, ట్రేలో ఉన్న తెల్లగుడ్లు కొనుక్కుని రండి.