మొత్తాలు తీసేసే ముందు

ధాన్యం కొనుగోళ్ల లెక్క ఒకటి ఎక్సెల్‌లో వచ్చిందనుకోండి. రెండు మండలాలు, ఆరు కేంద్రాలు, ఎన్ని బస్తాలు కొన్నారో రెండు రకాలుగా. ప్రింటు తీసి ఆఫీసరు బల్ల మీద పెట్టడానికి చేసిన షీటది. పైన పెద్ద అక్షరాల్లో శీర్షిక, దాని కింద అందానికో ఖాళీ వరుస. మండలం పేరు నాలుగు గడులు కలిపేసి మధ్యలో రాశారు. ఒక్కో మండలం చివర మొత్తం, అట్టడుగున జిల్లా మొత్తం. కాగితం మీద చూస్తే చక్కగానే ఉంటుంది. ఏ గ్రేడ్ బస్తాల నిలువు వరుసను ఎంచుకుని కింద కుడి మూలన కూడిక చూస్తే మాత్రం 9,950 అని కనిపిస్తుంది. జిల్లా మొత్తమేమో 3,200.

ఇక్కడి పేర్లు, అంకెలు ఉదాహరణకే. తేడా మాత్రం ఎవరి షీటులోనైనా ఇలాగే పుడుతుంది. ఎక్సెల్‌కు ఏది కేంద్రం, ఏది మొత్తం అన్నది తెలియదు. కేంద్రాలను ఒకసారి, మండల మొత్తాలను మరోసారి, జిల్లా మొత్తాన్ని ఇంకోసారి కూడేసింది. అందుకే కూడిక దాదాపు మూడింతలైంది. నిజానికి సరిగ్గా మూడింతలు, అంటే 9,600 రావాలి. ఆ 350 ఎక్కడి నుంచి వచ్చిందో చివర్లో తేలుతుంది.

మనకు కావలసిందల్లా ఒక వరుసలో ఒక కేంద్రం, ఆ వరుసలోనే దాని మండలం పేరు. అంతకు మించి ఏమీ ఉండకూడదు. ముందుగా షీటుకు ఒక నకలు తీసుకుని, పని దాని మీదే చేయాలి. శీర్షిక, దాని కింది ఖాళీ వరుస తీసేయండి. తలకట్టు రెండు వరుసల్లో ఉంటుంది. పై వరుసలో ‘కొన్న బస్తాలు’ అని రెండు గడులు కలిపి రాసి, కింద ‘ఏ గ్రేడ్’, ‘సాధారణ’ అని విడదీశారు. దాన్ని ఒకే వరుసగా మార్చండి: మండలం, కేంద్రం, ఏ గ్రేడ్ బస్తాలు, సాధారణ బస్తాలు. ఇప్పుడు తలకట్టు మొదటి వరుసలో, లెక్క రెండో వరుస నుంచి ఉంటాయి.

తర్వాత షీటంతా ఎంచుకుని Home లో Merge & Center పక్కనున్న బాణం నొక్కి Unmerge Cells ఇవ్వాలి. కలిపిన గడిలో ఉన్న పేరు నిజానికి పై గడిలో మాత్రమే ఉంటుంది. విడగొట్టగానే ‘రామాపురం’ A2లో మిగిలి, A3, A4, A5 ఖాళీగా బయటపడతాయి. గడులు కలిపి ఉన్నప్పుడు రామాపురం అని ఫిల్టర్ చేస్తే ఒక్క కేంద్రమే కనిపించేది ఇందుకే.

ఇక్కడ చాలామంది వెంటనే ఖాళీలు నింపడం మొదలుపెడతారు. అది తొందరపాటు. A5 ఏ వరుసలో ఉందో చూడండి. అది కేంద్రం కాదు, పక్క గడిలో ‘మొత్తం’ అని ఉంది. మండలం పేరు మొత్తం వరుస దాకా కలిపి రాశారు కాబట్టి, పైనుంచి పేరు దింపితే ఆ వరుసకూ రామాపురం అన్న పేరు వచ్చేస్తుంది. అప్పుడది అచ్చం మరో కేంద్రంలా తయారవుతుంది. ప్రతి పేజీలోనూ తలకట్టు మళ్లీ వేసిన షీట్లలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ పైనున్న ‘మండలం’ అన్న మాటే కింది ఖాళీల్లోకి దిగిపోయి, మండలం అనే పేరుతో ఒక మండలం పుట్టుకొస్తుంది.

కాబట్టి మొత్తాల సంగతి ముందు తేల్చాలి. తలకట్టు నుంచి చివరి వరుస దాకా మౌసుతో ఎంచుకున్నాకే ఫిల్టర్ పెట్టండి. ఊరికే ఒక గడిలో క్లిక్ చేసి పెడితే, రెండు మండలాల మధ్యనున్న ఖాళీ వరుస దగ్గరే ఫిల్టర్ ఆగిపోతుంది. కేంద్రం నిలువు వరుసలో ‘మొత్తం’ అన్న మాట ఉన్నవాటిని వెతకండి. ‘టోటల్’ అనీ, ‘Total’ అనీ రాసేవాళ్లూ ఉంటారు కనుక అవీ చూడాలి. దొరికిన వరుసలను వెంటనే చెరిపేయకండి. Totals అనే కొత్త షీటులోకి Paste Special, Values ద్వారా తీసుకెళ్లండి. అలా కాకుండా మామూలుగా అతికిస్తే ఫార్ములాలు కొత్త చోట వేరే గడులను చూపిస్తాయి. ఈ షీటులో మండలం పేరు A లోనూ, ఏ గ్రేడ్ మొత్తం B లోనూ ఉంచండి. ఆ తర్వాతే అసలు షీటులోంచి మొత్తాలను, జిల్లా మొత్తాన్ని, ఖాళీ వరుసలను తీసేయాలి.

ఇప్పుడు పేర్లు నింపవచ్చు. మండలం నిలువు వరుసలో లెక్క ఉన్నంత మేరే ఎంచుకుని Ctrl+G, Special, Blanks ఇవ్వండి. ఖాళీ గడులు మాత్రమే మిగులుతాయి, అందులో మొదటిది A3. ఏమీ క్లిక్ చేయకుండా ఇలా కొట్టి, Enter బదులు Ctrl+Enter నొక్కాలి:

```
=A2
```

ప్రతి ఖాళీ గడీ తన పైగడిలోని పేరు తీసుకుంటుంది. తర్వాత ఆ నిలువు వరుసను కాపీ చేసి, అక్కడే Values గా అతికించండి. ఇది మరిచిపోతే, రేపు ఎవరైనా బస్తాల ప్రకారం వరుసలు మార్చగానే ఒక కేంద్రం పక్కన ఇంకో మండలం పేరు చేరుతుంది. పైగా ఎక్సెల్ ఏ హెచ్చరికా ఇవ్వదు.

ఈ నింపడం మండలం నిలువు వరుసకే పరిమితం. తుమ్మలగూడెం కేంద్రానికి ‘సాధారణ’ గడి ఖాళీగా ఉంది. అక్కడ అసలు కొనలేదా, లెక్క ఇంకా రాలేదా అన్నది షీటు చెప్పదు. దాన్ని పైవాడి అంకెతో నింపడం ఎలాగూ తప్పే, సున్నా వేయడం కూడా మనం కల్పించి రాసినట్టే. ఖాళీని ఖాళీగానే ఉంచండి.

పక్కన పెట్టిన మొత్తాలు ఇప్పుడు పనికొస్తాయి. శుభ్రం చేసిన షీటు పేరు Data అనుకుంటే, Totals లో మొదటి మండలం పక్కన ఈ ఫార్ములా రాసి కిందికి లాగండి:

```
=SUMIFS(Data!C:C,Data!A:A,A2)-B2
```

సున్నా వస్తే ఆ మండలం లెక్క సరిపోయినట్టు. రామాపురంలో కేంద్రాలవి 820, 640, 540, పాత మొత్తం 2,000. ఇక్కడ సున్నా వచ్చింది. తేడా ఆ మండలం మొత్తానికి సరిగ్గా సమానంగా వస్తే, మొత్తం వరుస ఒకటి ఇంకా కేంద్రాల మధ్యే ఉండిపోయిందని అర్థం. తేడా మైనస్‌లో వస్తే రెండు కారణాలు ఉండొచ్చు. ఏదో అంకె టెక్స్ట్‌గా ఉండి కూడికలోకి రాకపోవడం ఒకటి. అలాంటి అంకె సాధారణంగా గడిలో ఎడమవైపుకు జరిగి ఉంటుంది. మండలం పేరు రెండు రకాలుగా ఉండడం రెండోది. ఒకచోట రామాపురం, ఇంకోచోట రామాపురము అని ఉంటే కంటికి తెలుస్తుంది. పేరు చివర స్పేస్ ఉంటే తెలియదు, దాన్ని TRIM తీసేస్తుంది. తెలుగు టైపింగులో అక్షరాల మధ్య కనబడకుండా చేరే జాయినర్ గుర్తులు మాత్రం TRIM కు కూడా చిక్కవు. అనుమానం వస్తే ఆ పేరును చేత్తో మళ్లీ టైపు చేయడమే తేలిక.

కొత్తపల్లి దగ్గర మాత్రం 350 ఎక్కువ వచ్చింది. పాత మొత్తం 1,200. కేంద్రాలు చూస్తే 710, 490, 350, కలిపితే 1,550. మన పనిలో తప్పు లేదు. అసలు షీటు తెరిచి మొత్తం గడి మీద క్లిక్ చేస్తే కారణం కనబడుతుంది: ఫార్ములా రెండు కేంద్రాల దగ్గరే ఆగిపోయింది. తుమ్మలగూడెం వరుసను తర్వాత కింద చేర్చారు, కూడిక హద్దు మాత్రం జరపలేదు. ప్రింటు తీసి పంపిన కాగితంలో ఆ 350 బస్తాలు కేంద్రం పక్కన ఉన్నాయి కానీ జిల్లా మొత్తంలో లేవు. మొదట్లో 9,950 రావడానికీ కారణం ఇదే. అప్పుడు కూడా ఆ బస్తాలు మూడు సార్లు కాకుండా ఒక్కసారే కూడికలో పడ్డాయి.

ఇలాంటప్పుడు ఏది సరైనదో మనంతట మనం తేల్చకూడదు. 3,550 అని రాసేసి ఊరుకోకుండా, షీటు పంపినవాళ్లను అడగాలి. ఆ కేంద్రం నిజంగానే ఈ మండలానిదా, లేక పొరపాటున ఇక్కడ పడిందా అన్నది వాళ్లకే తెలుస్తుంది.

ప్రతి నెలా ఇదే అచ్చులో ఫైలు వస్తుంటే చేత్తో చేయనక్కర్లేదు. వేరే ఖాళీ వర్క్‌బుక్ తెరిచి Data లో Get Data ద్వారా ఆ ఫైలును Power Query లోకి తెచ్చుకుని, మొత్తాలు తీసేసి Fill Down ఇచ్చే క్రమాన్ని ఒకసారి దాచుకుంటే, వచ్చే నెల Refresh నొక్కితే చాలు. అక్కడా ఇదే వరుస పాటించాలి, ముందు మొత్తాలు, తర్వాతే Fill Down. ఏ నెలైనా వాళ్లు ‘మొత్తం’ బదులు ‘కూడిక’ అని రాస్తే ఆ క్రమం దాన్ని గుర్తుపట్టదు. అందుకే మొత్తాల షీటుతో సరిచూసే పని మాత్రం నెలనెలా చేయాల్సిందే.