స్టీలు రేటు పాతిక శాతం పెరిగితే ఇల్లు ఎంత పెరగాలి?

2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇల్లు కట్టించుకుంటున్న చాలామంది చెవిన ఒకే మాట పడింది. ‘స్టీలు మండిపోతోంది, సిమెంటు కూడా పెరిగింది. చదరపు అడుగుకు ఇంకో నూట యాభై వేసుకోవాలి.’ స్లాబు కోసం సెంట్రింగ్ కొట్టాక, పని సగంలో ఉండగా కాంట్రాక్టర్ ఈ మాట అంటే ఇంటి యజమానికి ఏం చేయాలో తోచదు. కాదంటే పని ఆగుతుంది, అవునంటే లక్షలు పోతాయి. అడుగుతున్నది న్యాయమో కాదో తేల్చుకోవడానికి అతని చేతిలో ఒక్క అంకె కూడా ఉండదు.

రేట్లు పెరిగిన మాట మాత్రం నిజం. స్టీలు తయారీకి కావాల్సిన కోకింగ్ బొగ్గులో ఎక్కువ భాగాన్ని మన దేశం దిగుమతి చేసుకుంటుంది, అందులో పెద్ద వాటా ఆస్ట్రేలియాది. ఆ ఏడాది ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. బొగ్గునూ ఉక్కునూ ఎగుమతి చేసే రష్యా, ఉక్కు ఎగుమతి చేసే ఉక్రెయిన్ రెండూ ఆ యుద్ధంలోనే చిక్కుకోవడంతో ప్రపంచ మార్కెట్ ఒక్కసారిగా బిగుసుకుంది. సముద్రం ఒడ్డునే ఉన్నా విశాఖ ఉక్కు కర్మాగారం దిగుమతి బొగ్గు మీదే ఆధారపడాలి. సిమెంటు సంగతి కొంచెం వేరు. పల్నాడు, నల్గొండ, కడప ప్రాంతాల్లో సున్నపురాయి దండిగా ఉంది, ఫ్యాక్టరీలూ అక్కడే ఉన్నాయి. అయితే బట్టీలో మండేది బొగ్గూ పెట్‌కోకూ, బస్తాను ఊరికి చేర్చేది డీజిల్ లారీ. అందుకే ఎక్కడో పుట్టిన ఇంధన ధర పిడుగురాళ్లలో తయారైన బస్తా మీద కూడా పడుతుంది.

అయితే స్టీలు రేటు ఎంత శాతం పెరిగిందో ఇల్లు కూడా అంత శాతం పెరగదు. ఈ తేడాను కాగితం మీద పెట్టి చూపించే కాంట్రాక్టర్‌తో యజమానికి తగువు రాదు. అలాంటి కాగితం ఎలా ఉండాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

గుంటూరు శివారులో కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు ఉన్న ఇల్లు అనుకుందాం. ఒక్కో అంతస్తు 1,200 చదరపు అడుగులు, మొత్తం 2,400. మెటీరియల్‌తో కలిపి అడుగుకు 1,700 రూపాయల చొప్పున 40,80,000కు 2021 చివర్లో ఒప్పందం కుదిరింది. ఆ ఎస్టిమేట్‌లో స్టీలు 9 టన్నులు, జీఎస్టీతో కలిపి కిలో 65 రూపాయలు. సిమెంటు 1,000 బస్తాలు, బస్తా 330. ఇలాంటి ఇంటికి ఈ లెక్క అటూ ఇటూగా సరిపోతుంది. మేస్త్రీలు నోటిమీద చెప్పే అంచనా కూడా అడుగుకు మూడున్నర నుంచి నాలుగు కిలోల స్టీలు, అడుగుకు అర బస్తాకు కాస్త తక్కువ సిమెంటు.

పునాదులు, ప్లింత్ బీములు, కింది అంతస్తు స్తంభాలు పూర్తయ్యాయి. అప్పటికి స్టీలు కిలో 82కి, సిమెంటు బస్తా 390కి చేరాయి. ఆ సమయంలో కాంట్రాక్టర్ రాయాల్సిన కాగితం ఇలా ఉండాలి.

“యజమాని గారికి నమస్కారం. మన ఒప్పందంలోని స్టీలు, సిమెంటు రేట్లకు, ఇవాళ్టి మార్కెట్ రేట్లకు తేడా వచ్చింది. స్లాబుకు సరుకు కొనకముందే మీకు తెలియజేస్తున్నాను. స్టీలు 9,000 కిలోల్లో 3,500 కిలోలు పాత రేటుకే కొని వాడాను. వాటి మీద అదనంగా ఏమీ అడగడం లేదు. ఇంకా కావాల్సింది 5,500 కిలోలు. కిలోకు తేడా 17 రూపాయల చొప్పున 93,500. సిమెంటు 350 బస్తాలు పాత రేటువే. మిగిలిన 650 బస్తాలకు, బస్తాకు 60 చొప్పున 39,000. రెండూ కలిపి 1,32,500. సవరించిన ఎస్టిమేట్ 42,12,500 రూపాయలు. ఇసుక, ఇటుక, కూలీ రేట్లలో మార్పు లేదు. తేడా మీద నా లాభం వేసుకోలేదు. కొన్న ప్రతి లోడుకూ జీఎస్టీ బిల్లు, కాటా చీటీ మీకు ఇస్తాను. రేటు తగ్గితే ఆ తగ్గింపు మీకే వస్తుంది. స్టీలు మీరే కొనదలచుకుంటే కిలోకు 65 చొప్పున నా బిల్లులో తగ్గించుకోండి. మూడు రోజుల్లో మీ నిర్ణయం చెప్పగలరు.”

స్టీలు 26 శాతం, సిమెంటు 18 శాతం పెరిగాయి. ఇంటి ఖర్చు పెరిగింది మాత్రం మూడుంపావు శాతమే, అంటే అడుగుకు 55 రూపాయలు. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఒప్పందం విలువలో స్టీలు వాటా 5,85,000, సిమెంటు వాటా 3,30,000. రెండూ కలిపినా నాలుగో వంతు కూడా కాదు. మిగతాదంతా కూలీ, ఇటుక, ఇసుక, కంకర, చెక్క, టైల్స్, కరెంటు, ప్లంబింగ్, రంగులు, కాంట్రాక్టర్ లాభం. పైగా కొంత సరుకు పాత రేటుకే ఇంట్లోకి వచ్చేసింది. మొత్తం స్టీలు, మొత్తం సిమెంటు కొత్త రేటుకే కొన్నారనుకున్నా అదనం 2,13,000, అడుగుకు 89 రూపాయలు. నోటిమాటగా అడిగిన నూట యాభైకి స్టీలు, సిమెంటు రెండూ కలిసినా సరిపోవు. ఆ మిగతా 61 రూపాయలు దేనికని యజమాని అడగవచ్చు, అడగాలి కూడా. కూలీ నిజంగానే పెరిగి ఉంటే అది ఆ కాగితంలోనే వేరే పద్దుగా కనిపించాలి.

ఈ కాగితంలో ముఖ్యమైన అంకె కొత్త రేటు కాదు, మిగిలిన పరిమాణం. రేటును ఎవరైనా నాలుగు దుకాణాలకు ఫోన్ చేసి తెలుసుకోవచ్చు. 5,500 కిలోలు నిజంగా మిగిలి ఉందా అన్నదే తేల్చుకోవాలి. స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగులతో పాటు ఇచ్చే బార్ బెండింగ్ షెడ్యూల్‌లో ఏ భాగానికి ఏ సైజు రాడ్డు ఎన్ని మీటర్లో ఉంటుంది. అయిపోయిన భాగాలను కొట్టేసుకుంటూ పోతే మిగిలింది తేలుతుంది. మీటరు రాడ్డు బరువు కావాలంటే మిల్లీమీటర్లలో ఉన్న మందాన్ని దానితోనే గుణించి 162తో భాగించాలి. 12 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకు 0.89 కిలో. 12 మీటర్ల నిలువు రాడ్డు 10.67 కిలోలు. సిమెంటుకూ ఇలాంటి లెక్క ఉంది. 1,200 అడుగుల స్లాబు అయిదు అంగుళాల మందం అంటే 500 ఘనపుటడుగులు, దాదాపు 14 ఘనపు మీటర్లు. ఎం20 కాంక్రీటుకు ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాల చొప్పున ఒక్కో స్లాబుకు సుమారు 113. రెండు స్లాబులకు 226 పోగా మిగిలిన బస్తాలు బీములకు, పై అంతస్తు స్తంభాలకు, గోడలకు, ప్లాస్టరింగ్‌కు, ఫ్లోరింగ్‌కు ఎలా సరిపోతాయో కాంట్రాక్టర్ చెప్పగలగాలి.

కాటా చీటీ అడగడానికీ కారణం ఉంది. కొన్ని దుకాణాల్లో రాడ్లు లెక్కపెట్టి, పట్టికలోని బరువుతో గుణించి బిల్లు వేస్తారు. భారత ప్రమాణాల ప్రకారం 12 మిల్లీమీటర్ల రాడ్డు బరువు అయిదు శాతం అటూ ఇటూ ఉండవచ్చు. వంద రాడ్లు లెక్క ప్రకారం 1,067 కిలోలు తూగాలి, తేలిక రాడ్లయితే వెయ్యి దాటి కొంచెమే ఉంటాయి. ఆ యాభై కిలోల తేడా విలువ 82 రూపాయల రేటున నాలుగు వేలు. లోడు లారీని, ఖాళీ లారీని రెండుసార్లు వే బ్రిడ్జి ఎక్కిస్తే సందేహం తీరిపోతుంది. అయిదు శాతం కన్నా తేలిగ్గా ఉంటే అది డబ్బుతో పోయేది కాదు, ఇంటి బలానికి సంబంధించినది. ఆ లోడును వెనక్కి పంపాలి.

యజమాని పొరపడే చోటు ఇంకొకటి ఉంది. మధ్యలో బాల్కనీ పెంచమనో, పైన ఒక గది కలపమనో అడిగి ఉంటే దాని స్టీలు కూడా పెరిగిన పద్దులో కలిసిపోతుంది. రేటు పెరగడం వేరు, పని పెరగడం వేరు. రెండింటినీ ఒకే మొత్తంగా రాసిన ఎస్టిమేట్‌ను విడదీసి రాయమని వెనక్కి ఇవ్వాలి.

ఇంతకీ కాంట్రాక్టర్‌కు అడిగే హక్కు ఉందా? ప్రభుత్వ పనుల్లో ఈ ప్రశ్నకు ముందే జవాబు రాసి ఉంటుంది. కేంద్ర ప్రజా పనుల శాఖ ఒప్పందాల్లోని 10సీఏ క్లాజు కింద స్టీలు, సిమెంటు వంటి సరుకుల ధరలు మారితే చెల్లింపు పెరుగుతుంది, తగ్గుతుంది కూడా. ఇళ్ల ఒప్పందాల్లో అలాంటి వాక్యం అరుదు. ‘ఏ కారణం చేతనైనా రేటు మారదు’ అని రాసుకుంటే, ధర పెరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందం రద్దు కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యానికి నెయ్యి సరఫరా చేసిన అలోపీ పర్షాద్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1960లోనే ఈ మాట తేల్చింది. అయినా నష్టం మొత్తం కాంట్రాక్టర్ మీదే పడేస్తే అతను పని వదిలేసి పోవచ్చు, లేదా కనబడని చోట సిమెంటు తగ్గించవచ్చు. అందుకే అలాంటి ఒప్పందం ఉన్నా తేడాను చెరిసగం పంచుకోవడం వివేకం. పై ఉదాహరణలో అది చెరో 66,250.

‘రేటు తగ్గితే మీకే’ అన్న వాక్యం మర్యాద కోసం రాసింది కాదని అదే ఏడాది తేలింది. 2022 మే 22 నుంచి కేంద్రం చాలా రకాల ఉక్కు మీద 15 శాతం ఎగుమతి సుంకం వేసి, కోకింగ్ బొగ్గు దిగుమతి సుంకం ఎత్తేసింది. కొద్ది వారాల్లోనే రాడ్ల ధర దిగింది. మన ఇంటికి కింది స్లాబు కోసం 2,600 కిలోలు 82కే కొన్నా, మిగిలిన 2,900 కిలోలు జూన్‌లో 71కి దొరికాయనుకుంటే, 31,900 రూపాయలు తగ్గాయి. అదనం 1,32,500 నుంచి 1,00,600కు దిగింది. తగ్గింపు వాక్యం లేకుండా అడుగుకు ఇంత అని సంతకం పెట్టిన యజమానికి ఆ డబ్బు రాదు. ఎగుమతి సుంకాన్ని కేంద్రం నవంబరులో వెనక్కి తీసుకుంది.

రేటు పెరుగుతోందని తెలిసి ముందే కొనిపెట్టుకోవడం స్టీలు విషయంలో కొంతవరకు కుదురుతుంది. నేలకు తగలకుండా దుంగల మీద పేర్చి, వాన పడకుండా కప్పాలి. సిమెంటు మాత్రం మూడు నెలలు దాటితే బలం తగ్గుతూ పోతుంది. వంద బస్తాల మీద ఆరు వేలు మిగులుతాయని ముందే దింపుకుంటే వానాకాలంలో గడ్డ కట్టిన బస్తాలు పారేయాల్సి రావచ్చు.

2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పన్ను లేకుండా 300 రూపాయల బస్తా అంతకుముందు 384 పడేది, ఆ తేదీ తర్వాత అదే అసలు ధరకు 354. ఆ తేదీకి ముందు సిమెంటు రేటు రాసుకుని, ఇంకా నాలుగు వందల బస్తాలు వాడాల్సి ఉన్న ఇంట్లో ఇది 12,000 రూపాయల మాట. ఈసారి కాగితం రాయాల్సింది యజమాని. పాత రేటు, కొత్త బిల్లు, మిగిలిన బస్తాలు, తగ్గాల్సిన మొత్తం అన్నీ అదే వరుసలో రాసి కాంట్రాక్టర్‌కు ఇవ్వవచ్చు.