రెండు చోట్ల నుంచి గోపురం, ఒక్క కొండ నుంచి భూగోళం

మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం ఎత్తు 153 అడుగులని చెబుతారు. పదకొండు అంతస్తుల ఆ గోపురాన్ని 19వ శతాబ్దం తొలినాళ్లలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించారు. పైకి ఎక్కి తాడు వేలాడదీయకుండా, వీధిలో నిలబడే ఈ లెక్క సరిచూడాలంటే పదో తరగతి త్రికోణమితి చాలు. కాకపోతే పాఠ్యపుస్తకంలో కనిపించని ఒక చిక్కు ఇక్కడ ఎదురవుతుంది.

శిఖరాన్ని చూస్తే చూపు నేలకు సమాంతరంగా ఉండే రేఖ నుంచి ఎంత పైకి లేచిందో అదే ఊర్ధ్వకోణం. ఆ కోణంతో పాటు గోపురం దాకా ఉన్న దూరం కూడా తెలిస్తే ఎత్తు తేలిపోతుంది. చిక్కంతా ఆ దూరంతోనే. గోపురం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి కలశానికి సరిగ్గా కింద ఉండే బిందువు ద్వారం ముందు ఉండదు, కట్టడం నడిమధ్యలో ఉంటుంది. వీధిలోంచి టేపు అక్కడికి సూటిగా చేరదు. కంచె లోపలి సెల్ టవర్‌కైనా, ఏటి అవతలి చెట్టుకైనా ఇదే ఇబ్బంది.

అందుకే రెండు చోట్ల నుంచి చూడటం. గోపురం ఎదురుగా వీధి చదునుగా ఉందనుకుందాం. ఒకచోట నిలబడి చూస్తే కలశం 45 డిగ్రీల కోణంలో కనిపించింది. అదే వరుసలో సూటిగా 30 మీటర్లు వెనక్కి నడిచి చూస్తే కోణం 31 డిగ్రీలకు తగ్గింది. ఇక సూత్రాన్ని కంఠస్థం చేయనక్కర్లేదు. 45 డిగ్రీలంటే ఎత్తులో ప్రతి మీటరుకూ నేల మీద ఒక మీటరు దూరం. 31 డిగ్రీలంటే ప్రతి మీటరుకూ 1.664 మీటర్ల దూరం. అంటే వెనక్కి నడిచినప్పుడు ఎత్తులోని ఒక్కో మీటరుకూ 0.664 మీటరు చొప్పున దూరం పెరిగింది. మొత్తం పెరిగింది 30 మీటర్లు. 30ని 0.664తో భాగిస్తే 45.2 వస్తుంది. అసలు దూరం ఎంతో తెలియకుండానే ఎత్తు తేలింది.

ఇది కంటి మట్టం నుంచి ఎత్తు మాత్రమే. చూసేవారి కన్ను నేల నుంచి మీటరున్నర పైన ఉంటే దాన్నీ కలపాలి. మొత్తం 46.7 మీటర్లు, అంటే 153 అడుగులు. ఇవి ఆ ఎత్తుకు సరిపోయేలా ఎంచుకున్న కోణాలు. నిజంగా కొలిచేవారికి ఇంత చక్కగా కుదరదు.

కోణం కొలవడానికి జామెట్రీ బాక్సులోని కోణమానిని పనికొస్తుంది. దాని తిన్నని అంచుకు ఒక స్ట్రా అతికించి, మధ్య బిందువు నుంచి బరువు కట్టిన దారం వేలాడదీయాలి. స్ట్రాను నేలకు సమాంతరంగా పట్టుకుంటే దారం 90 మీద నిలుస్తుంది. స్ట్రాలోంచి కలశాన్ని చూసినప్పుడు దారం 90 నుంచి ఎన్ని డిగ్రీలు జరిగిందో అదే ఊర్ధ్వకోణం. చేతిలో ఊగే ఈ పరికరంతో ఒక డిగ్రీ తప్పు రావడం మామూలే.

ఆ ఒక్క డిగ్రీ ఎంత నష్టం చేస్తుందన్నది రెండు చోట్ల మధ్య ఎడాన్ని బట్టి ఉంటుంది. 30 మీటర్ల ఎడంతో 45కి బదులు 44 అని చదివితే లెక్క రెండున్నర మీటర్లు ఎక్కువ చూపిస్తుంది. సరిపెట్టుకోవచ్చు. బద్ధకించి ఐదు మీటర్లే వెనక్కి జరిగితే రెండో కోణం 42 డిగ్రీలు ఉంటుంది. దాన్ని 43 అని చదివితే కంటి మట్టం నుంచి ఎత్తు 45 బదులు 69 మీటర్లు వస్తుంది! 41 అని చదివితే 33కి పడిపోతుంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు చోట్ల నుంచి కోణాల తేడా చిన్నది. తప్పు ఆ తేడాతో పోటీ పడుతుంది. పాఠ్యపుస్తకాల లెక్కల్లో 30, 45, 60 డిగ్రీలే కనిపించడం వల్ల పిల్లలకు ఈ సంగతి తెలిసే వీలే లేదు. నిజానికి నేర్చుకోవాల్సిందే ఇది.

నేల వాలు కూడా మోసం చేస్తుంది. వెనక్కి నడిచిన 30 మీటర్లలో వీధి ఒక్క మీటరు పల్లానికి దిగినా, అది గమనించకపోతే ఎత్తు రెండున్నర మీటర్లకు పైగా పెరిగిపోతుంది. తప్పు జరిగిందో లేదో పట్టుకోవాలంటే మూడో చోటు నుంచి కూడా చూడాలి. ఏ రెండు చోట్లను జతచేసినా ఇంచుమించు ఒకే ఎత్తు రావాలి. రాకపోతే కోణమైనా తప్పు, నేలైనా చదును కాదు.

ఇదే లెక్కను తిరగేస్తే నిమ్నకోణం. కలశం దగ్గరి నుంచి ఎవరైనా వీధిలోని మనిషిని చూస్తే చూపు 45 డిగ్రీలు కిందికి వంగుతుంది. పైనా కిందా గీసే క్షితిజ రేఖలు సమాంతరాలు కాబట్టి రెండు కోణాలూ సమానం. గోపురం విషయంలో ఇందులో పేచీ లేదు. కానీ భూమి గుండ్రం. ఎత్తయిన కొండ మీద నిలబడి నేల ఆకాశాన్ని తాకే చోటును చూస్తే చూపు కాస్త కిందికి వంగుతుంది. భూమి బల్లపరుపుగా అనంతంగా ఉంటే ఆ వంపు కనిపించదు. ఆ వంపులోంచే భూమి కొలతను లాగినవాడు అల్ బిరూనీ.

ఖ్వారజమ్‌లో 973లో పుట్టిన బిరూనీ గజనీ మహమూద్ ఆస్థానంలో ఉన్న కాలంలో, ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లోని నందన కోటకు వచ్చాడు. ఉప్పు కొండల శ్రేణిలోని ఆ కోట నుంచి దక్షిణంగా చూస్తే మైదానమే. ఆయన ముందు కింద నిలబడి, గోపురం లెక్కలాగే రెండు చోట్ల నుంచి కొండ ఎత్తు తేల్చాడు. 652 మూరలకు కాస్త పైన వచ్చింది. తర్వాత పైకెక్కి క్షితిజం వైపు చూశాడు. నిమ్నకోణం 34 నిమిషాలు, అంటే ఒక డిగ్రీలో సగం కన్నా కొంచెం ఎక్కువ.

భూకేంద్రం, కొండ శిఖరం, చూపు నేలను తాకే బిందువు కలిసి లంబకోణ త్రిభుజం అవుతాయి. కేంద్రం దగ్గరి కోణం సరిగ్గా ఆ 34 నిమిషాలే. ఆ కోణానికి కొండ ఎత్తు భూవ్యాసార్ధంలో లక్షకు దాదాపు 4.9 వంతులు ఉండాలి. ఆ కొద్ది వంతు 652 మూరలైతే మొత్తం వ్యాసార్ధం ఎంత? బిరూనీ రాసిన జవాబు 1,28,03,337 మూరలు.

ఆ సంఖ్యను పొగిడే ముందు ఐదు మీటర్ల ఎడం లెక్క గుర్తు చేసుకోవాలి. ఇక్కడ కోణం మరీ చిన్నది. 34కి బదులు 33 నిమిషాలు చదివి ఉంటే వ్యాసార్ధం ఆరు శాతం పెరిగేది, ఇప్పటి లెక్కలో దాదాపు 390 కిలోమీటర్లు. పైగా గాలి పొరల్లో వక్రీభవనం వల్ల కాంతి వంగి, క్షితిజం ఉన్నదానికన్నా కాస్త పైకి లేచినట్టు కనిపిస్తుంది. నిమ్నకోణం తగ్గి భూమి పెద్దదిగా తేలుతుంది. మరోవైపు ఆయన కొలతలతోనే ఈనాడు లెక్కవేస్తే 1,33,30,000 మూరలకు దగ్గరగా వస్తుంది. త్రికోణమితి పట్టికలో దొర్లిన తేడా జవాబును తగ్గించింది. అంటే గాలి ఒకవైపు లాగితే, పట్టిక రెండోవైపు లాగింది. ఇక ఆ జవాబును కిలోమీటర్లలోకి మార్చాలంటే నందనలో బిరూనీ వాడిన మూర పొడవెంతో ముందు తేలాలి. దాన్ని 49.3 సెంటీమీటర్లు అనుకుంటే 6,312 కిలోమీటర్లు వస్తుంది, అసలు సగటు 6,371. మూర ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే ఆ అంకె దాదాపు 130 కిలోమీటర్లు జరుగుతుంది.