సీ3 తగ్గింది, సీ4 తగ్గలేదు: ఈ రిపోర్టు ఎలా చదవాలి?

ఇండియా నుంచి రక్త పరీక్షల రిపోర్టు ఫోటో తీసి "అక్కా, ఇది కాస్త చూడవా" అని పంపని చుట్టాలు మనలో ఎవరికైనా ఉన్నారా? కిడ్నీ వార్డులో పనిచేస్తాను కాబట్టి నాకు ఎక్కువగా వచ్చేవి సీ3, సీ4 రిపోర్టులు. ముందుగా ఒక మాట. ఇక్కడ కెనడాలో వీటిని లీటరుకు గ్రాముల్లో ఇస్తారు, అక్కడ చాలా ల్యాబులు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. అక్కడి 90, ఇక్కడి 0.9 ఒకటే. అది చూసుకోకుండా కంగారు పడకండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిదేళ్ల బాబు. కాళ్ల మీద చీము పుండ్లు వచ్చి మానాయి. మూడు వారాలకు పొద్దున్నే ముఖం ఉబ్బింది, మూత్రం కోక్ రంగులో వచ్చింది, బీపీ పెరిగింది. రిపోర్టులో సీ3 32 ఉంది (మామూలుగా 90 నుంచి 180), సీ4 22 ఉంది (మామూలుగా 10 నుంచి 40). ఒకటి బాగా పడిపోయింది, రెండోది అలాగే ఉంది. ఎందుకు?

మన రక్తంలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల గుంపు ఉంటుంది. ఒకటి తెగితే అది ఇంకోదాన్ని తెగ్గొడుతుంది, టపాకాయల సరం అంటుకున్నట్టు. ఆ సరాన్ని అంటించే చోట్లు మూడు. మొదటిది క్లాసికల్ దారి: యాంటీబాడీ శత్రువుకు అతుక్కున్నాక, సీ1 దాని మీద కూర్చుని సీ4ను, సీ2ను కోస్తుంది. (సీ1 తరవాత సీ4 ఏమిటని అడగకండి, కనిపెట్టిన వరసలో నంబర్లు ఇచ్చేశారు!) రెండోది లెక్టిన్ దారి. ఇక్కడ యాంటీబాడీ అక్కర్లేదు, సూక్ష్మజీవి ఒంటి మీదున్న మానోస్ లాంటి చక్కెరలను ఒక ప్రోటీన్ గుర్తుపడుతుంది. ఆ పైన ఇదీ సీ4, సీ2లనే కోస్తుంది. మూడోది ఆల్టర్నేటివ్ దారి. సీ3 రక్తంలో ఎప్పుడూ కొద్దికొద్దిగా తనంతట తానే తెరుచుకుంటూ ఉంటుంది. సూక్ష్మజీవి మీద పడితే ఫ్యాక్టర్ బీ, ఫ్యాక్టర్ డీ సాయంతో మంట పెరుగుతుంది. మన సొంత కణాల మీద పడితే ఫ్యాక్టర్ హెచ్ వచ్చి ఆర్పేస్తుంది. ఈ దారిలో సీ4 అవసరమే లేదు.

ఇప్పుడు బాబు రిపోర్టు మళ్లీ చూడండి. సీ4 ఖర్చు కాలేదు, సీ3 మాత్రమే ఖర్చైంది, అంటే ఎక్కువగా ఆల్టర్నేటివ్ దారే మండింది. స్ట్రెప్ ఇన్ఫెక్షన్ తరవాత వచ్చే కిడ్నీ వాపులో ఇలాగే ఉంటుంది. పిల్లల్లో చాలామందికి అదే తగ్గిపోతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో సీ3 మామూలుకు వస్తుంది. అందుకే రెండో పరీక్ష మానొద్దు. మూడు నెలలైనా సీ3 కిందే ఉంటే వేరే కిడ్నీ జబ్బు అనుమానించి బయాప్సీ గురించి ఆలోచిస్తారు.

అదే ముప్ఫై ఏళ్ల అమ్మాయికి కీళ్ల నొప్పులు, జుట్టు ఊడటం, సీ3, సీ4 రెండూ తక్కువ అనుకోండి. అప్పుడు లూపస్ గుర్తొస్తుంది, ఎందుకంటే అక్కడ తన ఒంటి మీదికే తిరిగిన యాంటీబాడీలు క్లాసికల్ దారిని అంటిస్తాయి. అయితే ఈ రెండు అంకెలే తీర్పు కాదు. ఒంట్లో వాపు ఉంటే కాలేయం ఈ ప్రోటీన్లను ఎక్కువ తయారుచేస్తుంది, అందుకని ఖర్చవుతున్నా అంకె మామూలుగా కనిపించొచ్చు. కాలేయం దెబ్బతింటే ఖర్చు లేకపోయినా తగ్గొచ్చు. క్లాసికల్, లెక్టిన్ దారులను ఈ రెండు అంకెలతో విడదీయలేం కూడా, రెండూ సీ4నే వాడతాయి కదా.

ఎటునుంచి మొదలైనా మూడు దారులూ సీ3 దగ్గర కలుస్తాయి. తెగిన సీ3 ముక్క ఒకటి సూక్ష్మజీవికి గుర్తులా అంటుకుంటే తెల్ల కణాలు దాన్ని మింగేస్తాయి. చిన్న ముక్కలు వాపు తెచ్చి మరిన్ని కణాలను పిలుస్తాయి. చివరికి సీ5 తెగి, సీ5 నుంచి సీ9 వరకు కలిసి సూక్ష్మజీవి పొరకు చిల్లు పెడతాయి.

ఆ చిల్లు ఎవరి మీద బాగా పనిచేస్తుందో ఒక మందు వల్ల మాకు రోజూ తెలుస్తుంది. ఎక్యులిజుమాబ్, అంటే సోలిరిస్, సీ5ను అడ్డుకుంటుంది. కెనడాలో 2009లో ఒక అరుదైన రక్త జబ్బుకు, తరవాత ఫ్యాక్టర్ హెచ్ లాంటి అదుపులు తప్పి కిడ్నీ పాడయ్యే జబ్బుకు అనుమతించారు. ఏడాదికి 5 లక్షల డాలర్ల పైమాటే! సీ3 గుర్తు పెట్టడం ఆగదు కాబట్టి చాలా సూక్ష్మజీవుల నుంచి రక్షణ ఉంటుంది. కానీ మెనింజోకాకస్‌ను చంపడానికి ఆ చిల్లు చాలా ముఖ్యం. అందుకే మందు మొదలుపెట్టే ముందు ఏ-సీ-వై-డబ్ల్యూ టీకా, బీ టీకా రెండూ వేస్తాం. టీకాలు వేసుకున్నా ప్రమాదం పూర్తిగా పోదు, చాలామందికి యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. ఈ మందు మీదున్నవాళ్లు పర్సులో ఒక కార్డు పెట్టుకుంటారు. జ్వరం, మెడ పట్టేయడం, ఒంటి మీద ఊదా మచ్చలు, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లి ముందు ఆ కార్డు చూపించాలి.