ఆరు మూలకాలు, రెండే సమూహాలు

1878లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మ్యాథమెటిక్స్ మొదటి సంపుటంలో ఆర్థర్ కేలీ ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆరు మూలకాలున్న సమూహాలు మూడు ఉన్నాయని అందులో ఉంది. అదే కేలీ 1854లో, లండన్‌లో లాయరుగా ఉన్న రోజుల్లో, రెండేనని సరిగ్గా రాశాడు. మరి ఆ మూడోది ఎక్కణ్ణుంచి వచ్చింది?

సమూహమంటే కొన్ని మూలకాలు, వాటిని కలిపే ఒక పద్ధతి. ఏ రెండింటిని కలిపినా వాటిలోనే ఒకటి రావాలి. మూడింటిని కలిపేటప్పుడు బ్రాకెట్లు ఎటు పెట్టినా ఫలితం ఒకటే కావాలి. దేనితో కలిపినా దాన్ని మార్చని తత్సమ మూలకం e ఉండాలి. ప్రతి మూలకం చేసిన పనిని రద్దుచేసే విలోమం కూడా ఉండాలి. వరుస మారిస్తే ఫలితం మారకూడదన్న షరతు మాత్రం లేదు. రెండు సమూహాల్లో మూలకాల పేర్లు మార్చి రాస్తే పట్టికలు ఒక్కటైపోయాయనుకోండి, అవి తుల్యరూపాలు. వాటిని ఒకటిగానే లెక్కపెడతాం.

మొదటి సమూహం అందరికీ తెలిసిందే: 0 నుంచి 5 దాకా అంకెలు, కూడి 6తో భాగిస్తే వచ్చే శేషం. 1ని మళ్లీ మళ్లీ కూడుతూపోతే ఆరూ వచ్చేస్తాయి. అందుకే ఇది చక్రీయ సమూహం.

రెండోదానికి అట్టతో ఒక సమబాహు త్రిభుజం కత్తిరించండి. మూలలకు రెండు వైపులా అంకెలు వేయండి: పైన 1, కుడివైపు 2, ఎడమవైపు 3. దాన్ని గడియారం ముల్లు తిరిగే దిశలో 120 డిగ్రీలు తిప్పడం b. పై మూలను కదపకుండా కుడి ఎడమలు తారుమారయ్యేలా బోర్లించడం a. ముందు తిప్పి తర్వాత బోర్లిస్తే పైన 3, కుడివైపు 2, ఎడమవైపు 1 వస్తాయి. ముందు బోర్లించి తర్వాత తిప్పితే పైన 2, కుడివైపు 1, ఎడమవైపు 3. వరుస మారితే ఫలితం మారింది. కాబట్టి ఇది మొదటి సమూహం కాదు. త్రిభుజాన్ని దాని చోటులోనే మళ్లీ పెట్టే పద్ధతులు ఆరే: కదపకపోవడం, రెండు తిప్పుళ్లు, మూడు బోర్లింపులు.

ఇంకొకటి ఎందుకు లేదు? లగ్రాంజ్ సిద్ధాంతం ప్రకారం ఉపసమూహంలోని మూలకాల సంఖ్య మొత్తం సంఖ్యను శేషం లేకుండా భాగించాలి. కాబట్టి ఇక్కడ ఏ మూలకాన్నయినా 1, 2, 3 లేదా 6 సార్లు కలిపేసరికి మొదటిసారి e వస్తుంది. ఆరుసార్లకు గాని e రాని మూలకం ఒక్కటున్నా సమూహం చక్రీయమే. అలాంటిది లేదనుకుందాం.

ఇక్కడ వచ్చే మెలిక నాకు ఎంతో ఇష్టం. ప్రతి మూలకాన్నీ దాని విలోమంతో జతకట్టండి. e తనకు తానే విలోమం, దానికి జత లేదు. మిగిలినవి ఐదు, బేసి సంఖ్య. అన్నీ జతలుగా పోవు కనుక తనకు తానే విలోమమైన మూలకం ఇంకొకటి ఉండి తీరాలి. దాన్ని a అందాం.

అన్నీ అలాంటివే కావచ్చా? అయితే ab కూడా తనకు తానే విలోమం. అంటే abab = e. దీన్నిబట్టి ab = ba. అప్పుడు e, a, b, ab అనే నాలుగూ ఉపసమూహమవుతాయి. 4 ఆరును భాగించదు, కుదరదు. కాబట్టి మూడుసార్లకు e అయ్యే b ఒకటి ఉంది. ఇక ఆరు మూలకాలూ తేలిపోయాయి: e, b, b², a, ab, ab².

మిగిలిన ప్రశ్న ఒక్కటే: ba ఈ ఆరింటిలో ఏది? (ab అంటే ముందు a, తర్వాత b.) e, b, b²లలో ఒకటైతే a కూడా ఆ మూడింటిలోనే పడుతుంది. a అయితే b = e అవుతుంది. అవేవీ కావు. మిగిలినవి ab, ab² రెండే.

కేలీ మూడో సమూహం ba = ab దగ్గర పుట్టింది. ab ఘాతాలను వరుసగా రాసి చూడండి: ab, b², a, b, ab², e. ఆరూ వచ్చేశాయి! అంటే అది వేషం మార్చుకున్న చక్రీయ సమూహమే, దాన్ని ఆయన విడిగా లెక్కపెట్టాడు. అలాంటిది లేదనుకున్నాం కనుక మిగిలింది ba = ab². ఈ ఒక్క సూత్రంతో పట్టికలోని 36 గళ్లూ నిండిపోతాయి. అయితే సూత్రం రాసినంత మాత్రాన సమూహం ఉన్నట్టు కాదు. పాఠాల్లో చాలాసార్లు ఈ మాట దాటేస్తారు. మన అట్టముక్క దానికి సాక్ష్యం: బోర్లించి రెండుసార్లు తిప్పితే పైన 3, కుడివైపు 2, ఎడమవైపు 1. సరిగ్గా ba ఇచ్చిన ఫలితమే.

10 మూలకాలకూ, 14 మూలకాలకూ కూడా సమూహాలు రెండేసి. 8 మూలకాలకు మాత్రం ఐదు.